అంకణా సరిపోయింది, లెక్క సరిపోయిందా?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను బీకాం చదివి, ఆ తర్వాత బీఈడీ చేసి బడిపంతుల్ని అయ్యాను. చెప్పేది సాంఘిక శాస్త్రమే గాని, ఇంటర్ చదివే చుట్టాల పిల్లలు అకౌంట్లలో సందేహాలుంటే మా ఇంటికే వస్తారు. మొన్న ఒక అబ్బాయి లెక్క చేసుకొచ్చి, "మామూ, రెండు పక్కలా మొత్తం కలిసింది, అయినా మా సార్ సగం మార్కులు కోసేశారు" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. చూస్తే కొత్త ఫర్నిచర్ కొన్న డబ్బును మరమ్మతుల ఖర్చులో రాశాడు. మొత్తాలు కలవడం నిజమే, లెక్క తప్పడమూ నిజమే. వాడికి నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. ఈరోజు అదే మాట మీకు చెప్పాలనుకున్నాను. ఎందుకంటే మన సమావేశాల్లో కూడా కోశాధికారి లేచి "అంకణా ట్యాలీ అయింది" అనగానే అందరం తలలూపి భోజనాలకు లేస్తాం.

అంకణా అంటే ట్రయల్ బ్యాలెన్స్. జంటపద్దు పద్ధతిలో ప్రతి లావాదేవీని రెండు చోట్ల రాస్తాం, ఒక ఖాతాలో డెబిట్, ఇంకో ఖాతాలో అంతే మొత్తానికి క్రెడిట్. నెలాఖరుకో సంవత్సరాంతానికో ఆవర్జాలోని ఖాతాలన్నిటి నిల్వలు తీసి, డెబిట్ నిల్వలు ఒక వరుసలో, క్రెడిట్ నిల్వలు ఇంకో వరుసలో పేర్చి కూడతాం. అంతే. నేనొక చిన్న సంఘాన్ని ఊహించి ఒక నెల లెక్క బోర్డు మీద రాశాను. నెల మొదట బ్యాంకులో ఉన్నది 40,000 రూపాయల సాధారణ నిధి. ఆ నెలలో జకాత్ 60,000, సాధారణ విరాళాలు 25,000 వచ్చాయి. జకాత్ నుంచి నిరుపేద పిల్లల ఫీజులకు 18,000 ఇచ్చారు. సాధారణ నిధి నుంచి కుట్టుమిషన్లకు 21,000, కరెంటు బిల్లుకు 3,400 కట్టారు. లావాదేవీలన్నీ బ్యాంకు ద్వారానే జరిగాయి.

డెబిట్ నిల్వలు:
బ్యాంకు – 82,600
ఫీజుల సహాయం – 18,000
కుట్టుమిషన్లు – 21,000
కరెంటు – 3,400
మొత్తం – 1,25,000

క్రెడిట్ నిల్వలు:
సాధారణ నిధి – 40,000
జకాత్ నిధి – 60,000
విరాళాలు – 25,000
మొత్తం – 1,25,000

రెండు పక్కలా 1,25,000 వచ్చింది. దీనివల్ల రుజువైనది ఏమిటి? రాసిన ప్రతి పద్దుకూ రెండో పక్క కూడా అంతే మొత్తం రాశారని, కూడికలూ నిల్వలూ సరిగా తీశారని. అదైనా చిన్న విషయమేం కాదు. కరెంటు బిల్లు 3,400ను బ్యాంకు ఖాతాలో సరిగా రాసి, కరెంటు ఖాతాలో మాత్రం అంకెలు తారుమారై 4,300 అని ఎక్కించారనుకోండి. డెబిట్ వైపు 1,25,900 అవుతుంది. తేడా 900. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే ముందు తారుమారైన అంకెల కోసం వెతకమని మా మాస్టారు చెప్పేవారు. రెండు అంకెలు చోట్లు మారితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిది గుణిజమే. అలాగే 2,000 విరాళాన్ని క్రెడిట్‌కు బదులు డెబిట్ వైపు రాస్తే తేడా 4,000 వస్తుంది, కాబట్టి తేడాలో సగం ఎక్కడుందో చూస్తాం. ఇలాంటివి అంకణా పట్టిస్తుంది.

ఇప్పుడు అదే బిల్లును మొదట్లోనే, అంటే నగదు పుస్తకంలోనే 4,300 అని రాశారనుకోండి. బ్యాంకు నిల్వ 81,700 అవుతుంది, కరెంటు 4,300 అవుతుంది, మొత్తం మళ్లీ 1,25,000. తప్పు రెండు పక్కలా సమానంగా పడింది గనుక అంకణాకు కనపడదు. దీన్ని పట్టేది బ్యాంకు స్టేట్‌మెంటు. అక్కడ 82,600 ఉంటుంది, మన పుస్తకంలో 81,700 ఉంటుంది, ఆ 900 ఏమిటని అడగాల్సి వస్తుంది. అదే బిల్లు చేతి డబ్బుతో కట్టి ఉంటే స్టేట్‌మెంటులో ఏమీ ఉండదు, ఓచరుకు గుచ్చిన అసలు బిల్లు తీసి చూడాల్సిందే.

దాతలుగా మీకు అన్నిటికన్నా ముఖ్యమైన తప్పు వేరే ఉంది. కాస్త నిదానంగా చెబుతాను. ఒక పెద్దమనిషి జకాత్ కింద 10,000 ఇచ్చాడు. రసీదు మీద "జకాత్" అనే రాశారు. ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు, రాసే కుర్రాడు తొందరలో దాన్ని విరాళాల ఖాతాలో వేశాడు. ఇప్పుడు జకాత్ నిధి 50,000, విరాళాలు 35,000. రెండూ క్రెడిట్ నిల్వలే కాబట్టి మొత్తంలో పైసా తేడా రాదు. బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసినా తేడా రాదు, ఎందుకంటే డబ్బు బ్యాంకులోనే ఉంది. అయితే ఏమైందంటారా? నిజానికి జకాత్‌లో ఫీజులు పోగా 42,000 మిగలాలి, పుస్తకంలో 32,000 కనిపిస్తుంది. సాధారణ నిధిలో ఖర్చులు పోగా 40,600 మిగలాలి, పుస్తకంలో 50,600 కనిపిస్తుంది. వచ్చే నెల కార్యవర్గం కూర్చుని, హాలు పైకప్పు కారుతోంది, మరమ్మతుకు 48,000 అవుతుంది, సాధారణ నిధిలో 50,600 ఉంది కదా అని తీర్మానం చేస్తుంది. అందరూ నిజాయితీపరులే, అందరూ మంచి మనసుతోనే సంతకం పెడతారు. కాని అసలు ఉన్నది 40,600. మిగతా 7,400 జకాత్ సొమ్ము. జకాత్ ఎవరికి చెందాలో ఎనిమిది వర్గాలు ఖురాన్‌లోనే నిర్ణయమై ఉన్నాయి, అందులో పైకప్పు లేదు. ఒక్క రూపాయి ఎవరూ తినలేదు, అంకణా సరిపోయింది, ఆడిటరు గారు కూడికలు చూసి సంతకం పెట్టారు, అయినా ఒక పేద కుటుంబానికి చేరాల్సిన 7,400 సిమెంటైపోయింది.

ఈ తప్పును పట్టడానికి ఒకటే దారి. రసీదు నకలు మీద ఏమి రాసి ఉందో, ఆవర్జాలో ఆ నంబరు ఏ ఖాతాలో పడిందో పక్కపక్కన పెట్టి చూడాలి. జకాత్ రసీదులన్నీ విడిగా కూడితే జకాత్ ఖాతా మొత్తం రావాలి. సదఖాకు, ఫిత్రాకు, ఖుర్బానీ చర్మాల డబ్బుకు కూడా అలాగే. రసీదు పుస్తకాలు రంగులు మార్చి వేరువేరుగా అచ్చు వేయిస్తే ఈ పని సగం తగ్గుతుంది. ఇంకొక మాట. ఈ సంచికలో చివర దాతల జాబితా వేస్తారు కదా, చాలామంది తమ పేరుకు అక్షరదోషం వచ్చిందా అనే చూసుకుంటారు. పేరు ఏ శీర్షిక కింద ఉందో కూడా చూడండి. మీరు ఏ ఉద్దేశంతో ఇచ్చారో చెప్పే కాగితం మీ దగ్గర కూడా ఉంది, ఆడిటరు దగ్గర లేదు.

మా చుట్టాలబ్బాయి చేసిన తప్పు కూడా ఈ కోవదే, కాకపోతే అది సూత్రానికి సంబంధించినది. కుట్టుమిషన్లకు పెట్టిన 21,000ను ఆస్తిగా కాక మరమ్మతుల ఖర్చుగా రాస్తే, రెండూ డెబిట్ నిల్వలే గనుక మొత్తం మారదు. కాని ఆస్తుల పట్టీలో మిషన్లు ఉండవు. మూడేళ్ల తర్వాత అందులో ఒకటి ఎవరింటికో చేరినా, "మిషన్లు ఎన్ని ఉండాలి?" అని అడగడానికి పుస్తకంలో ఆధారమే ఉండదు.

ఒక తప్పును ఇంకో తప్పు కప్పేయడం కూడా ఉంది. ఫీజుల ఖాతా కూడికలో 1,000 తగ్గి, విరాళాల కూడికలోనూ 1,000 తగ్గితే రెండు పక్కలా 1,24,000 వచ్చి కూర్చుంటుంది. ఇది అరుదు. అరుదు కానిది, తేడా వచ్చినప్పుడు దాన్ని అనామతు ఖాతాలో వేసి మొత్తాలు కలిపేయడం. తేడా దొరికే దాకా తాత్కాలికంగా అలా పెట్టడం పద్ధతే. నా చిన్నతనపు ఉద్యోగంలో ఒక నిధి లెక్కలు నా చేతికి వచ్చినప్పుడు అందులో 315 రూపాయల అనామతు ఆరేళ్లుగా అలాగే ఉంది. 315ను తొమ్మిదితో భాగించి, అంకెలు తారుమారైన పద్దు ఒకటే అయి ఉంటుందని వెతికాను. దొరికినవి రెండు తప్పులు, ఒకదాన్ని ఇంకొకటి కొంత మింగేసింది. చిన్న తేడా అంటే చిన్న తప్పని అర్థం కాదని నాకు తెలిసింది అప్పుడే.

ఇప్పుడు లెక్కలు కంప్యూటరులో రాస్తున్నాం, ఇక ఈ బాధ లేదని కొందరు అంటున్నారు. నా అభిప్రాయం తిరగబడి ఉంది. డెబిట్, క్రెడిట్ సమానం కాకపోతే ప్రోగ్రాం ఆ ఓచరును తీసుకోనే తీసుకోదు, కూడికలు అదే చేస్తుంది. అంటే చేతిరాత రోజుల్లో అంకణా పట్టిచ్చే తప్పులు ఇప్పుడు దాదాపు పుట్టవు. మిగిలేవన్నీ అది పట్టలేనివే. 10,000 జకాత్‌ను విరాళాలలో వేస్తే కంప్యూటరు అభ్యంతరం చెప్పదు. కనుక కంప్యూటరు లెక్కలో "ట్యాలీ అయింది" అనే మాటకు పూర్వం ఉన్నంత విలువ కూడా లేదు.

చివరిగా, అసలు రాయని పద్దు సంగతి. ఒక దాత 5,000 నగదు ఇచ్చి రసీదు తీసుకున్నాడు, అది నగదు పుస్తకంలోకి ఎక్కలేదు, బ్యాంకులోనూ పడలేదు. డెబిట్టూ లేదు, క్రెడిట్టూ లేదు, కాబట్టి నేను బోర్డు మీద రాసిన ఈ 1,25,000 లెక్క అలాగే నిలుస్తుంది. దీనికి రసీదు నంబర్ల వరుస చూడాలి. 40 ఉంది, 42 ఉంది, 41 ఏది? రద్దు చేశామంటే రెండు ప్రతులూ కలిపి కుట్టి చూపించాలి. అచ్చు వేయించిన పుస్తకాలు ఎన్ని, ఎవరికి ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇచ్చారు, వాడనివి తిరిగి వచ్చాయా అని ఒక రిజిస్టరు ఉండాలి. అది లేని చోట 41వ నంబరు కాదు, మొత్తం పుస్తకమే కనిపించకపోయినా అంకణాకు తెలియదు.

రసీదే తీసుకోని దాత ఇచ్చిన డబ్బును మాత్రం ఈ కాగితాలేవీ పట్టలేవు. "మాకెందుకండీ రసీదు, అల్లాహ్ చూస్తున్నాడు కదా" అని మనలో చాలామంది అంటారు. ఆ మాట మీద నాకు గౌరవమే. కాని లెక్క రాసే మనిషికి మీ చేతి డబ్బు తప్ప ఇంకే ఆధారమూ మిగలదు. చందా డబ్బాల విషయంలోనూ అంతే. తాళంచెవి ఒకరి దగ్గర, డబ్బా ఇంకొకరి దగ్గర ఉండి, ఇద్దరూ కలిసి తెరిచి అక్కడికక్కడే లెక్కపెట్టి, ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకం చేసి, మర్నాడే బ్యాంకులో కట్టాలి. ఆ కాగితమే ఆ డబ్బుకు రసీదు.