నలభై ఏళ్ల దస్తర్‌ఖాన్
(వివాహ వార్షికోత్సవ విందులో చేసిన ప్రసంగ పాఠం)

 

"నలభై ఏళ్ల పండుగకు బిర్యానీ లేదా మాస్టర్ సాబ్?" అని వాకిట్లోనే కొందరు మమ్మల్ని అడిగారు. లేదు. భాయీసాబ్, భాభీజాన్ కలిసి కూర్చుని రాసుకున్న వంటలివి. ఎందుకో మనవి చేస్తాం.

మొదటిది బగారా ఖానా. 1986 వేసవిలో వీరి నికా దావత్‌లో పెట్టింది ఇదే. ఖర్చు తక్కువ, కానీ తేలిక వంట కాదు. ఉల్లిపాయ బంగారు రంగుకు రాగానే నీళ్లు పోయాలి. నల్లబడిందా, దేగ్ మొత్తం చేదే.

రెండవది దాల్చా. నికా అయిన నాలుగు నెలలకే, ఆగస్టులో, భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. కొత్త కాపురం నీటిపాలైంది. మెరక మీద తలదాచుకున్న చోట అన్ని కులాలవారూ ఉన్నారు. మాంసం తినని ముసలమ్మలూ ఉన్నారు. భాభీజాన్ ఎముకలు వేయకుండా శనగపప్పు, సొరకాయలతోనే దాల్చా కాచారట. పప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే ఇక ఎంత కాచినా పలుకు పోదు. ఆకలిగా ఉన్నవాళ్లు తొందరపెట్టినా, పప్పు వేళ్ల మధ్య నలిగేదాకా ఆమె పులుసు పోయలేదని పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అందుకే ఈ రోజు రెండు దేగ్‌లు. ఎడమవైపుది ఎముకలు లేనిది. దాని గరిటె కూడా వేరే. మొహమాటం లేకుండా వడ్డించుకోండి.

మూడవది చిగుర్ గోష్త్, అంటే చింతచిగురు మాంసం. ఇది భాయీసాబ్ కోరిక. లేత చిగురును అరచేతుల మధ్య నలిపి, పుల్లలు ఏరేసి, మాంసం ఉడికాకనే వేయాలి. ముదురు ఆకైతే నోటికి పీచు తగులుతుంది. వేసవి దాటితే ఈ రుచి దొరకదు.

చివరిది షీర్ ఖుర్మా. "పండుగ కాదు కదా" అనకండి. అందులోని చిరోంజీ, మన సారపప్పు, ఇక్కడి అడవిదే. కోయ అక్కలు ఎండల్లో కాయలు ఏరి, ఎండబెట్టి, పగలగొట్టి తీసిన పప్పు అది. నిరుడు మిగిలిన పప్పు వేసేముందు ఒకటి కొరికి చూడాలి. నూనె కంపు కొడితే పాలన్నీ పాడైనట్టే. వరద తగ్గాక ఈ దంపతులకు మొదట గింజలు, గిన్నెలు ఇచ్చి ఆదుకున్న కోయ కుటుంబం ఇదిగో, ముందు వరసలో కూర్చుంది. ఈ పప్పు వారింటి నుంచే వచ్చింది. భాయీసాబ్ డబ్బు ఇవ్వబోతే ఆ పెద్దమ్మ కోప్పడిందట!

కనుక ఈ దస్తర్‌ఖాన్ మీద ఉన్నది ఆ ఇద్దరి కష్టమూ, ఇరుగుపొరుగు పెట్టిన చేయీ. అల్లాహ్ వారి జోడీని సలామత్‌గా ఉంచుగాక, ఆమీన్. ఖానా చల్లారుతోంది. బిస్మిల్లాహ్ కానివ్వండి.