ఏది ఎన్ని కిలోలు చేయాలి? అరిసెలు, జంతికలతో ఆప్టిమైజేషన్

ఫస్ట్ ఇయర్‌లోకి కొత్తగా వచ్చారు కదా. "సార్, ఈ ఆప్టిమైజేషన్ ఎందుకు? బుర్ర పెట్టి ఆలోచిస్తే మంచి నిర్ణయం అదే వస్తుంది కదా" అని చాలామంది అడుగుతారు. ఈరోజు ఒక్క లెక్క చేద్దాం. అంకెలు సులువుగా ఉండేలా నేనే తీసుకున్నాను.

సంక్రాంతికి ఇంట్లో పిండివంటలు చేసి అమ్మే ఒక అక్క ఉందనుకుందాం. ఆమె చేసేవి రెండే: అరిసెలు, జంతికలు. కిలో అరిసెలకు 2 గంటల పని, అర కిలో బియ్యం పడతాయి. ఖర్చులన్నీ పోను లాభం 120 రూపాయలు. కిలో జంతికలకు 1 గంట పని, ముప్పావు కిలో బియ్యం. లాభం 80 రూపాయలు. ఈ వారం ఆమె దగ్గర 40 గంటల టైమ్, 18 కిలోల బియ్యం ఉన్నాయి. ఏది ఎంత చేయాలి?

మీలో సగం మంది "అరిసెలే చేయాలి సార్, కిలోకి లాభం ఎక్కువ" అంటారు. సరే, 40 గంటల్లో 20 కిలోలు అవుతాయి. లాభం 2,400.

మిగతా సగం మంది కొంచెం తెలివిగా ఆలోచిస్తారు. "గంటకి లెక్కేస్తే అరిసెల మీద 60, జంతికల మీద 80. కాబట్టి జంతికలే" అంటారు. కానీ 24 కిలోలకే బియ్యం అయిపోతుంది. లాభం 1,920. ఇంకా 16 గంటలు ఖాళీ!

రెండు జవాబులూ వినడానికి బాగానే ఉన్నాయి. రెండూ తప్పే. ఎలా తెలుస్తుంది? ఏం మిగిలిందో చూడండి. అన్నీ అరిసెలే చేస్తే 10 కిలోల బియ్యమే ఖర్చవుతుంది, 8 కిలోలు అలాగే ఉంటాయి. ఆ బియ్యంతో ఏమైనా చేయొచ్చా?

ఒక కిలో అరిసెలు తగ్గిద్దాం. 120 పోయింది, కానీ 2 గంటలు చేతికొచ్చాయి. ఆ 2 గంటల్లో 2 కిలోల జంతికలు చేస్తే 160 వస్తుంది. అంటే 40 రూపాయలు లాభమే! బియ్యం సంగతి? అర కిలో మిగిలింది, కిలోన్నర పట్టింది. అంటే అదనంగా ఒక కిలో కావాలి. మన దగ్గర 8 కిలోలున్నాయి కాబట్టి ఈ మార్పిడి 8 సార్లు చేయొచ్చు. చివరికి 12 కిలోల అరిసెలు, 16 కిలోల జంతికలు. లాభం 2,720. టైమూ పూర్తయింది, బియ్యమూ పూర్తయింది.

ఇంతకంటే ఎక్కువ రాదని గ్యారంటీ ఏంటి? రెండు వైపులా ఒక అడుగు వేసి చూడండి. ఒక కిలో జంతికలు పెంచాలంటే ముప్పావు కిలో బియ్యం కావాలి, దానికి కిలోన్నర అరిసెలు మానుకోవాలి. వచ్చేది 80, పోయేది 180. పోనీ, ఒక కిలో జంతికలు తగ్గిస్తే మిగిలిన గంటలో అర కిలో అరిసెలే అవుతాయి. పోయేది 80, వచ్చేది 60. ఎటు కదిలినా నష్టమే. ఇలా లెక్కంతా సరళరేఖల్లో ఉన్నప్పుడు, ఎటు కదిలినా నష్టం వచ్చే చోటే అన్నిటికంటే మంచి చోటు.

ఇదే లెక్క స్క్రీన్ మీద ఇలా ఉంటుంది. x అరిసెలు, y జంతికలు:

```
max  120x + 80y
     2x + y <= 40
     0.5x + 0.75y <= 18
     x, y >= 0
```

మనం చేసిన మార్పిడిలో, గీసిన బొమ్మలో ఒక మూల నుంచి పక్క మూలకి వెళ్లాం. జార్జ్ డాంట్‌జిగ్ 1947లో తయారు చేసిన సింప్లెక్స్ పద్ధతిలో ఉన్న ఆలోచన ఇదే. వేల వస్తువులున్నా అడుగు ఇలాంటిదే.

ఇప్పుడు అసలు ఉపయోగం. పక్కింటి పిన్ని "నేనూ సాయం చేస్తా, గంటకి 60 ఇవ్వు" అంది. ఒప్పుకోవాలా? 41 గంటలతో మళ్లీ లెక్క చేయండి: 12.75 కిలోల అరిసెలు, 15.5 కిలోల జంతికలు, లాభం 2,770. అదనపు గంట విలువ 50 రూపాయలే. 40కి వస్తే పెట్టుకోవచ్చు, 60కి వద్దు. అదీ ఒక హద్దు వరకే. 72 గంటలు చేరితే బియ్యమంతా 36 కిలోల అరిసెలకే పోతుంది. ఆ తర్వాత గంట విలువ సున్నా.

ఒక్క జాగ్రత్త. జంతికలకు 10 కిలోల ఆర్డర్లే ఉన్నాయనుకోండి. ఆ మాట లెక్కలో రాయకపోతే 6 కిలోలు డబ్బాలోనే ఉండిపోతాయి. రాస్తే జవాబు 15 కిలోల అరిసెలు, 10 కిలోల జంతికలు, లాభం 2,600. 3 కిలోల బియ్యం మిగిలినా ఇక్కడ తప్పేం లేదు. కంప్యూటర్ మనం రాసిన షరతులే చూస్తుంది, మర్చిపోయినవి దానికి తెలియవు.

రేపటికి ఒక పని: బియ్యం ఇంకో కిలో దొరికితే లాభం ఎంత పెరుగుతుంది? లెక్క చేసి తీసుకురండి.