గాలిలోనే మలుపు
క్రికెట్ బంతి నేల తాకి తిరగగలదు. బేస్‌బాల్‌లో పిచర్ విసిరిన బంతి గాలిలోనే తిరగాలి.

కర్వ్‌బాల్ వేసేవాడు మధ్యవేలిని కుట్టుకు ఆనించి, బొటనవేలిని కింద పెడతాడు. వదిలేటప్పుడు అరచెయ్యి తలవైపు తిరిగి, వేళ్లు బంతి ముందువైపు నుంచి కిందికి లాగుతాయి. దాంతో బంతి పైభాగం బ్యాటర్ వైపు దొర్లుతుంది. వెనక వచ్చే గాలి పైకి మళ్లుతుంది. ఆ ఎదురు తోపుకి బంతి కిందికి జారుతుంది. మణికట్టును పక్కకు వంచితే మలుపూ పక్కకు వస్తుంది.

ఫాస్ట్‌బాల్‌కు రెండు వేళ్లూ కుట్లకు అడ్డంగా, బంతి వెనకే ఉంటాయి. ఇక్కడ తిరుగుడు వెనక్కి, తోపు పైకి. నిజానికి బంతి లేవదు, పడాల్సినంత పడదు. బ్యాటర్ కంటికి లేచినట్టే ఉంటుంది.

కర్వ్‌బాల్‌లో వేళ్లు వెనక్కి జారితే తిరుగుడు చాలదు. బంతి నడుమెత్తులో తేలుతూ వస్తుంది, బ్యాటర్ దాన్ని బలంగా బాదేస్తాడు.