మూడు కొటేషన్లు, ఒకే తప్పు

రంజాన్ రేషన్ కిట్ల కొనుగోలులో కమీషన్లు చేతులు మారాయన్న అనుమానంపై మేము చేసిన విచారణను దాతల ముందుంచుతున్నాం.

కాకినాడలోని ఒక షాపు కొటేషనులోనూ, దానికి పోటీగా వచ్చిన మిగతా రెండింటిలోనూ ‘కందిపప్పు’ ఒకేలా తప్పుగా రాసి ఉంది. అందుకే విచారణను ఆ షాపుకు, రెండేళ్ల బిల్లులకు పరిమితం చేశాం. అన్ని లెక్కలూ తవ్వితే నిర్దోషులు నలుగుతారు.

ముందే మాట పొక్కితే కాగితాలు మారిపోవచ్చు. కనుక ఎవరినీ అడగకముందే అసలు బిల్లులను కవర్లలో సీలు చేసి, తేదీ వేసి, ఇద్దరి సంతకాలతో బీరువాలో పెట్టాం. కంప్యూటరు లెక్కలకు నకలు తీసి, ఆ నకలు మీదే పనిచేశాం.

తర్వాత స్టోరు గుమాస్తాను, నమ్మకమైన మనిషిని వెంట తెచ్చుకోమని పిలిచాం. “ఎంత తీసుకున్నారు?” అనలేదు. “ఈ మూడూ ఎలా వచ్చాయో చెప్పండి” అన్నాం.

“షాపాయనే మూడు కవర్లూ ఇచ్చారండి. మూడు ఉండాలన్నారు గానీ, ఎక్కడ తేవాలో ఎవరూ చెప్పలేదండి” అన్నారాయన. ఆ మాట రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకున్నాం.

పోటీ కొటేషన్లు బూటకమని తేలింది. ఆయన డబ్బు తీసుకున్నారని తేలలేదు. 2019లో తెలంగాణ ఈఎస్ఐ మందుల కొనుగోళ్లపై ఏసీబీ చేసినట్టు సోదాలు చేసే అధికారం మనకు లేదు. అందుకే షాపును ఆపాం, మనిషిపై నింద వేయలేదు. ఇకపై కొటేషన్లు కమిటీ సభ్యులే స్వయంగా తెస్తారు.