లక్ష రూపాయల కార్డు బకాయి, నెలకు 5,000: తీరేదెప్పుడు?

క్రెడిట్ కార్డు బకాయి లక్ష రూపాయలు ఉందనుకుందాం. కొత్తగా ఏమీ కొనకుండా నెలకు 5,000 చొప్పున కడితే 20 నెలల్లో తీరాలి. వడ్డీ లేకపోతే ఆ లెక్క సరైనదే.

భారతీయ కార్డుల్లో నెలకు 3.5 శాతం వడ్డీ అరుదేమీ కాదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రెండూ కలిస్తే నెలకు 4.13 శాతం. స్టేట్‌మెంట్‌లో జీఎస్టీ విడిగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దాన్ని వడ్డీ లెక్కలో చేర్చరు.

మొదటి నెల వడ్డీ 3,500, జీఎస్టీ 630. కట్టిన 5,000లో 4,130 అక్కడికే పోతుంది. అసలులో తగ్గేది 870 మాత్రమే. రెండో నెల బకాయి 99,130. ఈసారి వడ్డీ కాస్త తగ్గి, అసలుకు 906 చేరుతుంది. ఏడాది తిరిగేసరికి కట్టింది 60,000, మిగిలిన బకాయి దాదాపు 86,830. బకాయి సగానికి రావడానికే దాదాపు 30 నెలలు పడుతుంది. మిగతా సగం మాత్రం 14 నెలల్లో కరిగిపోతుంది, ఎందుకంటే అప్పటికి వడ్డీ వాటా చిన్నదైపోయి, కట్టే 5,000లో ఎక్కువ భాగం అసలుకే వెళుతుంది.

ఈ లెక్కంతా ఎక్సెల్ ఒక్క సూత్రంతో చేస్తుంది:

```
=NPER(3.5%*1.18, -5000, 100000)
```

జవాబు 43.21. అంటే 44వ నెలలో, సుమారు 1,066 రూపాయల చివరి కిస్తీతో అప్పు తీరుతుంది. మొత్తం కట్టేది 2,16,000 పైన. వడ్డీ, జీఎస్టీ కలిపి 1,16,000 పైమాటే. అసలు కన్నా ఈ భారమే ఎక్కువ!

సూత్రంలో 5,000 ముందున్న మైనస్ గుర్తు మరిచిపోతే జవాబు రుణసంఖ్యగా వస్తుంది. పొరపాటు అక్కడే తెలిసిపోతుంది. 5,000 బదులు 4,000 పెడితే `#NUM!` అని చూపుతుంది. అది టైపింగ్ తప్పు కాదు. వడ్డీ, జీఎస్టీ కలిసిన 4,130కే చాలని కిస్తీతో అప్పు ఎన్నటికీ తీరదు. మినిమం డ్యూ కట్టినా బకాయి ఇలా పెరిగిపోయే పరిస్థితి రాకుండా దాన్ని నిర్ణయించాలని రిజర్వ్ బ్యాంక్ 2022 నిబంధనల్లో ఆదేశించింది.

కిస్తీని 10,000 చేస్తే గడువు 14 నెలలకు దిగుతుంది, వడ్డీ, జీఎస్టీ భారం సుమారు 31,700కు పడిపోతుంది. కిస్తీ రెట్టింపైతే గడువు సగమవ్వాలి కదా అనిపిస్తుంది. కానీ మొదటి నెలే అసలుకు 870 బదులు 5,870 వెళుతుంది; దాదాపు ఏడు రెట్లు.

బ్యాంకు వడ్డీని రోజువారీగా లెక్కిస్తుంది కాబట్టి స్టేట్‌మెంట్ అంకెలు ఈ జవాబుకు కాస్త అటూఇటూగా ఉంటాయి. మధ్యలో కార్డు గీకితే మాత్రం తేడా చిన్నది కాదు. పాత బకాయి ఉన్నంతకాలం కొత్త కొనుగోలుకు వడ్డీలేని గడువు దొరకదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అప్పుడు అప్పటి బకాయితో సూత్రాన్ని మళ్లీ మొదటి నుంచి వేయాలి.