ఎనిమిది మంది, ఒక పడవ, 8 సెంటీమీటర్లు

మన వైజాగ్‌లో పుట్టినోళ్లకి పడవ కొత్త కాదు. కాలేజీలో ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో ఉన్నప్పుడు నేనూ వేలర్ పడవలో తెడ్డు వేశాను. ఒక రేసులో నాకు స్ట్రోక్ సీటు ఇచ్చారు. పక్క పడవ దగ్గరికొచ్చేసరికి కంగారుపడి స్పీడ్‌గా తెడ్డు వేసేశాను. ఓడిపోయాం. ఎందుకో చాలా లేటుగా అర్థమైంది.

రోయింగ్‌లో పెద్ద పడవ 'ఎయిట్' తీసుకుందాం. ఎనిమిది మంది, ఒక్కొక్కరికి ఒక్కటే తెడ్డు, ఇటు నలుగురు, అటు నలుగురు. అందరూ పడవ వెళ్లే వైపుకి వీపు పెట్టి కూర్చుంటారు. కాబట్టి అందరి చివర, పడవ వెనక వైపు ఉండే 8వ మనిషే అందరికీ కనిపిస్తాడు. అతనే స్ట్రోక్. తాళం అతనిది. పక్కనున్న 7వ మనిషి ఆ తాళాన్ని రెండో వైపు వాళ్లకి అందిస్తాడు. మధ్యలో 3 నుంచి 6 దాకా బలమైనవాళ్లు. ముందు కొనలో పడవ సన్నం, కాస్త కదిలినా ఊగుతుంది. అందుకే 1, 2 సీట్లలో తేలికగా, నేర్పుగా తెడ్డు వేసేవాళ్లని పెడతారు. స్ట్రోక్ ఎదురుగా కూర్చుని దారి చూపేవాడు కాక్స్.

ఇప్పుడు లెక్క చూడండి. 2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన ఎయిట్‌కి సిల్వర్ వచ్చింది. 2000 మీటర్లకి మనవాళ్ల టైమ్ 5 నిమిషాల 43.01 సెకన్లు. గోల్డ్ కొట్టిన చైనాది 5 నిమిషాల 40.17. తేడా మూడు సెకన్లు కూడా లేదు. అంటే సుమారు 16 మీటర్లు, ఒక పడవ పొడవు కూడా కాదు.

ఉదాహరణకి నిమిషానికి 36 స్ట్రోకులు అనుకుందాం. రేసు మొత్తానికి దాదాపు 206 స్ట్రోకులు. ఒక్కో స్ట్రోక్‌కి పడవ 9.7 మీటర్లు పోతుంది. అందులో 8 సెంటీమీటర్లు తగ్గితే చాలు, 206 సార్లకి ఆ 16 మీటర్లు పోయినట్టే!

మరి రేటు పెంచేస్తే సరిపోదా? సరిపోదు. ఎయిట్‌లో సీటు జారుతుంది. తెడ్డు నీళ్లలోంచి తీశాక మనుషులు పడవ వెనక వైపుకి జారతారు. వాళ్ల బరువు పడవ బరువుకి ఎన్నో రెట్లు. హడావిడిగా జారి, ఆగడానికి కాళ్లతో గట్టిగా తన్నితే, పడవకి బ్రేక్ పడుతుంది.

బ్యాలెన్స్ కూడా అంతే. ఒకడు పిడి ఎత్తు మార్చినా, పక్కకి వంగినా పడవ ఒరుగుతుంది. ఒరిగిన వైపు తెడ్లు నీళ్లకి రాసుకుంటాయి, రెండో వైపు తెడ్లు నీళ్లని సరిగా అందుకోలేవు. నలుగురి బలం వృథా.

దీన్ని ఎలా కనిపెట్టాలి? తెడ్లు వదిలిన సుడుల్ని చూడండి. రేటు పెరిగినా సుడుల మధ్య దూరం బాగా తగ్గిపోతుంటే, చెమటే ఎక్కువ, స్పీడ్ కాదు. ఆ రోజు మా పడవ వెనక సుడులు దగ్గరదగ్గరగా ఉన్నాయి. నేను చూసింది మాత్రం పక్క పడవని!