వండిన చికెన్ లైన్‌లో సీసీపీ ఏది, ఏది కాదు?

ఈ ఎపిసోడ్‌లో వండిన చికెన్ లైన్‌కి హ్యాసప్ ప్లాన్ రాసేటప్పుడు క్రిటికల్ కంట్రోల్ పాయింట్లు, అంటే సీసీపీలు, ఎలా తేల్చాలో చూద్దాం.

మన లైన్ ఇదీ. పచ్చి చికెన్ వస్తుంది, చల్లటి గదిలో పెడతాం, మసాలా పట్టిస్తాం, స్టీమ్ అవెన్‌లో ఉడికిస్తాం, చల్లారుస్తాం, స్లైసర్ మీద ముక్కలు కోస్తాం, ప్యాక్ చేసి మెటల్ డిటెక్టర్‌లోంచి పంపిస్తాం.

నేను చూసిన ఒక ప్లాన్‌లో ఇలాంటి లైన్‌కే 11 సీసీపీలు రాశారు. చేతులు కడగడం కూడా సీసీపీయే! అన్నింటికీ ఒకే మనిషి సంతకాలు చేస్తుంటే, అసలు ప్రమాదం ఉన్న చోట చూపు తగ్గిపోతుంది. ఆడిటర్ అడిగేది సంఖ్య కాదు, ఎందుకు అనే కారణం.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. సీసీపీనా కాదా అన్న ప్రశ్న మెట్టును అడగకూడదు, ఆ మెట్టు దగ్గరున్న ఒక్కొక్క ప్రమాదాన్ని అడగాలి. కోడెక్స్ పాత డెసిషన్ ట్రీ మనచేత చేయించిందీ అదే. ఈ మెట్టు ఈ ప్రమాదాన్ని తగ్గించడానికే ఉందా? లేకపోతే, ఇక్కడ అది మితిమీరి పెరగవచ్చా? పెరిగితే, తర్వాతి మెట్టేదైనా దాన్ని తొలగిస్తుందా?

ముందు పచ్చి చికెన్ దింపుకునే చోటు చూద్దాం. సాల్మొనెల్లా ఉండవచ్చు. కానీ ముందు అవెన్ ఉంది, అక్కడ చస్తుంది. కాబట్టి సాల్మొనెల్లాకి ఇది సీసీపీ కాదు. అదే చోట యాంటీబయాటిక్ అవశేషాల సంగతి అడిగితే? ఉడికిస్తే పోతాయని నమ్మడానికి లేదు. సరఫరాదారుని ఎంపిక, ల్యాబ్ రిపోర్టులు వీటితోనే అదుపు చేయాలి. ఒకే మెట్టు, రెండు ప్రమాదాలు, రెండు జవాబులు.

ఇప్పుడు అవెన్. సాల్మొనెల్లాని చంపడానికే ఉంది కాబట్టి సీసీపీ. ముక్క నడిమధ్యలో 70 డిగ్రీల సెల్సియస్, 2 నిమిషాలు అని పరిమితి పెట్టామనుకోండి. థర్మామీటర్ గుచ్చాల్సింది అందరికంటే మందమైన ముక్కకి, బెల్ట్ మీద అన్నింటికంటే తక్కువ వేడి తగిలే చోట. ఆ చోటు ఏదో ముందే కొలిచి పెట్టిన కాగితం వాలిడేషన్‌లో భాగం. అర గంటకోసారి చూస్తున్నాం, 10 గంటలకి సరిగ్గా ఉంది, 10:30కి 68 చూపించింది. అప్పుడు ఆ ఒక్క ట్రే కాదు, 10 నుంచి వచ్చిన సరుకంతా పక్కన పెట్టాలి. మధ్యలో ఎప్పుడు తగ్గిందో మనకి తెలియదు కదా!

చాలామంది వదిలేసేది చల్లార్చడం. ఉడికించాక అంతా చచ్చిపోయిందిగా అంటారు. క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా స్పోర్లు ఈ వేడికి చావవు. చికెన్ నెమ్మదిగా చల్లారుతుంటే మొలకెత్తి, 43 నుంచి 47 డిగ్రీల దగ్గర చాలా వేగంగా పెరుగుతాయి. తర్వాత వీటిని చంపే మెట్టు మన లైన్‌లో లేదు. కాబట్టి ఇది సీసీపీ.

పరిమితికి అమెరికా మాంస తనిఖీ విభాగం చెప్పిన ఒక పద్ధతి వాడుకోవచ్చు. నడిమధ్యలో 54.4 నుంచి 26.7 డిగ్రీలకి గంటన్నరలో రావాలి, అక్కడి నుంచి 4.4కి మరో 5 గంటల్లో రావాలి. గది ఎంత చల్లగా ఉందో రాస్తే చాలదు. క్రేట్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే గది 2 డిగ్రీలున్నా మధ్య క్రేట్‌లో ముక్క వేడిగానే ఉంటుంది. అందుకే ప్రోబ్ ఆ మధ్య క్రేట్‌లోనే పెట్టాలి.

ఇక స్లైసర్. బ్లేడు ముక్క విరిగి పడవచ్చు, కానీ వెనకే మెటల్ డిటెక్టర్ ఉంది. అందుకని ఈ ప్రమాదానికి సీసీపీ డిటెక్టరే. లిస్టీరియా సంగతి వేరు. ఉడికిన ముక్కకి స్లైసర్ నుంచి అంటితే, తర్వాత చంపే మెట్టు లేదు. ట్రీ ప్రకారం సీసీపీ అనిపిస్తుంది. కానీ అక్కడికక్కడ కొలిచే పరిమితి ఏదీ లేదు, స్వాబ్ ఫలితం రావడానికి రోజులు పడుతుంది. ఐఎస్ఓ 22000 ప్లాన్‌లో దీన్ని ఓపీఆర్‌పీగా రాస్తాం. శుభ్రపరిచాక కంటితో తనిఖీ, శానిటైజర్ గాఢత కొలత, స్వాబ్‌ల షెడ్యూల్ దాని కింద పెడతాం.

అలా చూస్తే మనకి మిగిలిన సీసీపీలు మూడు: ఉడికించడం, చల్లార్చడం, మెటల్ డిటెక్టర్. మీ లైన్‌లో ప్యాక్ చేశాక మళ్ళీ వేడి చేసే మెట్టు ఉంటే లిస్టీరియా జవాబు మారుతుంది. అందుకే పక్క కంపెనీ ప్లాన్ చూసి రాయకండి. కాగితం మీద ప్రతి ప్రమాదం ఎదుట ‘అవును’, ‘కాదు’తో పాటు, ఎందుకో ఒక వాక్యం రాయండి. ఆడిటర్ ముందు చదివేది ఆ వాక్యమే.